దన్‌బికి ఎన్ని స్లైడ్లు

తక్ గారికి పది స్లైడ్లు కావాలి. కౌంటీ ఆఫీసులో ప్రజాభద్రత విభాగం చూసే ఈ మనిషి మా డిజైన్ ఆఫీసుకు ఏ పని తెచ్చినా పదే కావాలంటాడు. ఫోన్లో వేలితో పక్కకు తోసుకుంటూ చదివే బొమ్మల వరుసను మా దగ్గర కార్డ్ న్యూస్ అంటారు, ఒక్కో బొమ్మ ఒక స్లైడు. అందులో మొదటి దాని మీద కౌంటీ పెద్ద పలకరింపు, చివరి దాని మీద కౌంటీ గుర్తయిన, హెల్మెట్ పెట్టుకున్న చేప బొమ్మ ఉండి తీరాలి. మధ్యలో ఏముంటే ఏం, పది నిండితే చాలు.

"విషయం ఒక్కటేనండీ," అన్నాను. "టెంట్‌లోకి నిప్పు తీసుకెళ్లకూడదు. జిప్ కాస్త తెరిచి పెట్టినా సరిపోదు. దీనికి పది దేనికి?"

"తక్కువుంటే పని చేయనట్టు ఉంటుంది, టీమ్ లీడర్ గారూ. పైగా ఈసారి నమ్‌గుంగ్ గారు కూతురి కథ ఇస్తున్నారు. ఆ ఫోటోలన్నీ ఎక్కడ పెడతారు?"

నమ్‌గుంగ్ గారు చున్‌చాన్‌లో లాండ్రీ నడుపుతారు. కిందటి శీతాకాలం ఆయన కూతురు దన్‌బి నది ఒడ్డున టెంట్ వేసుకుని, మాంసం కాల్చుకుని, చల్లారిపోతున్న బొగ్గుల కుంపటిని వెచ్చదనం కోసం లోపల పెట్టుకుని పడుకుంది. ఇరవై ఆరేళ్ల పిల్ల, మళ్లీ లేవలేదు.

ఆయన మా ఆఫీసుకు వచ్చిన రోజు ఇస్త్రీ చేసిన చొక్కాలో, మెడ దాకా గుండీలు పెట్టుకుని వచ్చారు. ఫోటోలు బల్ల మీద ఒక్కొక్కటే పరిచారు. స్కూలు బ్యాగుతో దన్‌బి, మొదటి జీతంతో తండ్రికి చెప్పులు కొన్న దన్‌బి, ఆ టెంట్ ముందు నవ్వుతున్న దన్‌బి.

"అందరూ దీన్ని చూడాలమ్మా. ఇది ఉత్తినే పోయిన పిల్ల కాదని తెలియాలి," అన్నారు.

కాదనడానికి నోరెలా వస్తుంది? ఏడు స్లైడ్లు దన్‌బికి ఇచ్చాను, మూడు జాగ్రత్తలకు. పలకరింపునూ చేపనూ ఆ మూడింట్లోనే ఇరికించాను. నిజం చెప్పాలంటే బాగా వచ్చింది. చేస్తూ చేస్తూ నేనే ఏడ్చాను.

మా ఆఫీసు కింద నూడుల్స్ కొట్టు ఉంది. ఏది తయారైనా ముందు అక్కడ చూపిస్తాను. ఫోన్ చేతికిచ్చి, నోరు మూసుకుని, బొటనవేలు ఎక్కడ ఆగుతుందో చూస్తాను. కొట్టామె చేతులు తుడుచుకుని ఫోన్ తీసుకుంది. చెప్పుల ఫోటో దగ్గర ముక్కు చీదింది. ఆ తర్వాత వేలు పరుగెత్తింది. పక్క బల్ల మీద ట్యాక్సీ డ్రైవరు అయిదో దానికే ఫోన్ తిరిగిచ్చేశాడు.

"సరే అక్కా, ఇప్పుడు నువ్వు టెంట్ వేసుకున్నావు, చలిగా ఉంది. ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను? కుంపటి పెట్టుకుని జిప్ కాస్త తీసి పెడతాను. పాపం, ఆ పిల్లకు చెప్పేవాళ్లు లేకపోయారు!"

ఏ మాట చెప్పడానికి ఇంత చేశానో, దానికి సరిగ్గా ఎదురు మాట నేర్చుకుందామె. కన్నీళ్లన్నీ దన్‌బికి పోయాయి. అసలు విషయం తొమ్మిదో స్లైడు మీద ఎవరికీ కనపడకుండా కూర్చుంది.

పైకి వెళ్లి అన్నీ పీకేశాను. మూడే చేశాను: ప్రమాదం, నిప్పు వద్దు, ఒళ్లు తేడాగా ఉంటే బయటికొచ్చి అత్యవసర నంబరు 119కి ఫోన్ చెయ్యి. మర్నాడు మళ్లీ కొట్టామెకు ఇచ్చాను.

"జిప్ తీసినా చస్తారా? పోవే, మరీ భయపెడుతున్నావు," అని నవ్వింది.

ఎందుకు చస్తారో చెప్పకపోతే ఎవరు నమ్ముతారు? మంట ఆరిన బొగ్గు కూడా విషవాయువు వదులుతూనే ఉంటుంది. ఆ వాయువుకు రంగూ వాసనా లేవు. నిద్రలో ఉన్నవాణ్ని అది లేపదు, ఇంకా గాఢంగా పడుకోబెడుతుంది. జానెడు సందులోంచి వచ్చే గాలి దాన్ని తరమలేదు. ఇంత మాట పక్క స్లైడులో ఇరికిస్తే అక్షరాలు చీమల్లా అయ్యాయి. దానికి విడిగా ఒకటి కావాల్సిందే. అలా నాలుగైంది. ఒకదానికి ఒకే పని. ఏది తీసినా విషయం కూలిపోవాలి, కూలకపోతే అది అక్కర్లేనిదే. పైగా మొదటిదాన్ని తోయకుండా దాటిపోయినవాళ్లకు మేం వీటిని పోస్టు చేసే యాప్ మరోసారి రెండోదాన్నే చూపిస్తుంటుంది. అందుకే ఎందుకు చస్తారన్నది రెండోదాంట్లో, దాన్ని ఒక్కటే చూసినా అర్థమయ్యేలా రాశాను.

నాలుగింట్లో మూడు కుదిరాయి. మొదటిది మాత్రం చప్పగా ఉంది. దన్‌బి ఎక్కడా లేదు.

నమ్‌గుంగ్ గారికి నేనే చూపించాను, లాండ్రీలో, ఆవిరి మధ్య నిలబడి. ఆయన నాలుగూ తోసి, వెనక్కి వచ్చి, మళ్లీ తోశారు.

"నా బిడ్డ ఏదీ?"

కొట్టులో జరిగింది చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు.

"అంటే నా బిడ్డ అడ్డమా? ఏడు స్లైడ్లు అడిగానా నిన్ను? ఒక్క ఫోటోకి కూడా చోటు లేదా?" ఆయన ఫోన్ నా చేతిలో పెట్టేశారు. "చచ్చినదాన్ని మళ్లీ తుడిచేస్తున్నావు."

"జిప్ తీసి పెట్టుకుంటే సరిపోతుందనే అంటున్నారండీ అందరూ. ఫోటోలు చూసి కూడా అదే అంటున్నారు. నేనేం చెయ్యను?"

ఆయన ఇస్త్రీ పెట్టె స్విచ్ ఆపేశారు.

"జిప్ తెరిచే ఉంది," అన్నారు చివరికి. "ఫోన్ చేసింది. నాన్నా చలేస్తోంది, కుంపటి లోపల పెట్టుకోనా అంది. జానెడు తెరిచి పెట్టుకో, ఏం కాదు అన్నాను. నేనే అన్నాను. వాళ్లమ్మకి కూడా తెలియదు ఈ మాట."

ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకోలేకపోయాను.

"అది రాయి," అన్నారు. "మొదటిదాని మీద అదే రాయి. ఫోటో వద్దు."

"మీ పేరు బయటికి వస్తుందండీ. ఆలోచించుకోండి. ఇంట్లో అమ్మగారు..."

"ఇవాళ నేనే చెబుతాను దానికి. నువ్వు రాయి."

రాశాను. నల్లటి స్లైడు మీద తెల్లటి అక్షరాలు: "జానెడు తెరిచి పెట్టుకో, ఏం కాదు అన్నాను. నా కూతురు తెరిచే పెట్టింది. - దన్‌బి నాన్న, నమ్‌గుంగ్." కింద కొట్టామెకు ఇచ్చాను. చదివి, మిగతా మూడూ నెమ్మదిగా తోసి, ఫోన్ బల్ల మీద పెట్టింది. నేనేమీ అడగకుండానే, "మా తమ్ముడు ప్రతి ఏడూ పోతాడే టెంట్లకి," అంటూ వాడికి ఫోన్ చేసింది.

తక్ గారు పది కోసం ఒక పూటంతా పోరాడాడు. పలకరింపును పోస్టు కింద రాతలో పెడతానన్నాక దిగొచ్చాడు. చేప బొమ్మను ఎక్కడ పెట్టుకుంటాడో ఆయన ఇష్టం అన్నాను.

పోస్టు వెళ్లిన మర్నాడు తక్ గారే కంగారుగా ఫోన్ చేశాడు. "కామెంట్లు చూశారా? తీసేయమంటారా? ఆ పెద్దాయన చూస్తే తట్టుకోలేడు!"

చూశాను. వీడూ ఒక తండ్రేనా అన్నారొకరు. జిప్ తీస్తే చాలనుకున్నాడట, వెధవ, చల్లారిన బొగ్గు కూడా చంపుతుందని ఆ మాత్రం తెలియదా అన్నారు మరొకరు. అలాంటివి ఎన్నో. లాండ్రీకి పరుగెత్తాను.

నమ్‌గుంగ్ గారు కౌంటర్ వెనక కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఆ తిట్లు ఒక్కొక్కటే చదువుతున్నారు. లోపలి గది తలుపు వేసి ఉంది. వాళ్లావిడ ఏడుపు వినిపిస్తోంది.

"తీసేయిస్తానండీ," అన్నాను. "ఒక్క మాట చెప్పండి, ఇప్పుడే తీసేయిస్తాను."

ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఉండనీయమ్మా. నన్ను తిట్టేవాడికి విషయం తెలిసినట్టే కదా."