గీత పడని గోడ

మా ఆయన ఎజ్రా గోడలకు సున్నం వేసేవాడు. కురిచేడు చుట్టుపక్కల పల్లెల్లో ఏ గుడికి వెల్ల వేయాలన్నా మా ఇద్దరికే కబురు వచ్చేది. ఈసారి మా పల్లె గుడిలోనే పని. ప్రసంగ పీఠం వెనక గోడ పైన ముదురు నీలంగా మొదలై, దిగేకొద్దీ పలచబడి, కింద తెలుపులో కలిసిపోవాలని మా పాస్టరు సంజీవరావు అయ్యగారు అడిగారు. ఆకాశంలా ఉండాలట. మిషను దొరసాని వచ్చి ప్రతిష్ఠ చేసే ఆదివారానికల్లా కావాలట. అడగడానికేం, ఎంతసేపు!

ఆ పని ఊరికే కాదు. వడగట్టిన సున్నంలో తుమ్మబంక, నీలం పొడి కలిపి మొదటి కుండ ముదురుగా పెట్టుకోవాలి. అందులో సగం తీసి, అంతే తెల్లసున్నం కలిపితే రెండో కుండ. అట్లా అయిదు కుండలు. గోడ తడిపి, పైన ఒక పట్టీ వేసి, దాని అంచు ఆరకముందే కింద రెండో రంగు వేసి, రెండూ కలిసేచోట ఈత కుంచెతో అడ్డంగా దువ్వుతూ పోవాలి. అంచు ఆరిందంటే గీత పడుతుంది. అందుకే గోడంతా ఒక్క పూటలో దించేయాలి.

ఆ రోజు సగం గోడ అయ్యేసరికి మా ఆయనకు ఆయాసం ఎక్కువైంది. నిచ్చెన మీద గుండె పట్టుకుని నిలబడిపోయాడు.

“చాలు, దిగయ్యా. మిగతాది రేపు ఏద్దువులే,” అన్నాను.

“మధ్యలో ఆపితే గీత పడుద్ది గదనే మార్తా.”

“పడితే పడనీ! నీకంటే గోడ ఎక్కువా?”

దిగాడు. మూడో రోజు పోయాడు.

పదకొండు రోజుల తర్వాత అయ్యగారు మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. “మార్తమ్మా, అడగడానికి నోరు రావడం లేదు. ఎజ్రా వేసిన ఆ సగం మీద కూడా మామూలు సున్నం వేయించేస్తాను. నువ్వేమీ అనుకోకు,” అన్నారు.

“వద్దయ్యగారూ. కింద సగం నేను ఏస్తా. ఆయన ఏసింది అట్లనే ఉండనీయండి.”

ఆయన చెయ్యి ఆడిన చివరి చోటు అది. దాన్ని నిలబెట్టుకోవాలనే తప్ప నాకింకో ఆశ లేదు.

మా మరిది రాజరత్నాన్ని తోడు తీసుకుని సోమవారం కింద సగం వేశాను. తడిగా ఉన్నప్పుడు రెండూ కలిసినట్టే కనిపించాయి. ప్రాణం లేచొచ్చింది. మర్నాడు ఆరి చూస్తే గోడ నడుముకు మొలతాడు కట్టినట్టు గీత. మళ్లీ ఆ అంచు తడిపి, పలచటి నీలం పట్టీ పూశాను. బుధవారానికి ఆ పట్టీకి రెండు అంచులు తేలి, ఒక్క గీత రెండైంది. చేతులు సున్నానికి పగిలి మంట. ఒళ్లంతా పచ్చి పుండు.

“ఎన్నిసార్లు పూసినా అంతే వదినా. ఆరిపోయినదాంట్లో పచ్చిది కలవదు,” అన్నాడు రాజరత్నం.

“నాకు తెలవదా? నువ్వొచ్చి చెప్పాల్నా?” అని విరుచుకుపడ్డాను. పాపం, వాడు తల దించుకున్నాడు. గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చున్నాను. దిగమన్నది నేనే. ఆ గీత పెట్టింది నేనే.

“తెల్లసున్నం కలుపు. గోడంతా కొట్టేద్దాం,” అన్నాను చివరికి.

“అన్న ఏసింది కూడానా?”

“అదీనూ.”

దొరసానిని వెంటబెట్టుకు రావడానికి అయ్యగారు ఊరెళ్లారు, ఆదివారం గాని రారు. గురువారం నేనే నిచ్చెనెక్కి మా ఆయన నీలం మీద తెల్ల కుంచె పెట్టాను. తడిగా ఉన్నంతసేపూ ఆ నీలం లోపలినుంచి కనిపిస్తూనే ఉంది. ఆరేకొద్దీ మాయమవుతూ వచ్చింది. శుక్రవారం రెండో పూత పడ్డాక ఇంక ఏమీ మిగల్లేదు.

శనివారం పొద్దున్నే కిటికీలకు తడి గోనెలు కట్టి, గోడ తడిపి, అయిదు కుండలూ పెట్టుకుని మొదలుపెట్టాం. పైన నేను ముదురు వేస్తుంటే, కుండలు మార్చి అందించి, నా వెనకే అంచులు దువ్వుతూ రాజరత్నం. ఏడుపు ముంచుకొచ్చింది. ఏడవడానికి కూడా ఆగే వీల్లేదు, అంచు ఆరిపోతుంది. కళ్లు మోచేత్తో తుడుచుకుంటూ, ఆయన్నూ నన్నూ కలిపి తిట్టుకుంటూ మధ్యాహ్నానికి నేల దాకా దించాను. సాయంత్రం ఆరి చూస్తే ఎక్కడ నీలం ఆగిందో, ఎక్కడ తెలుపు మొదలైందో తెలియలేదు.

ఆదివారం గుడి కిటకిటలాడింది. దొరసాని గోడ వంక చూసి నోరు తెరిచింది. అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“ఇది మన ఎజ్రా చివరి పని. కింద కొంచెం మిగిలితే మార్తమ్మ పూర్తి చేసింది. ఈ గోడ ఉన్నంతకాలం ఆయన చెయ్యి మన కళ్ల ముందే ఉంటుంది,” అన్నారు.

చుట్టూ ఆడవాళ్లు ముక్కులు చీదుతున్నారు. రాజరత్నం ఏదో చెప్పబోతూ లేచాడు. చొక్కా పట్టుకుని కిందికి లాగాను.

“కూచో,” అన్నాను.

“కాదు వదినా, అది...”

“కూచోమంటే కూచో.”

అయ్యగారు ప్రార్థన ముగించారు. అందరికంటే గట్టిగా నేనే ఆమేన్ అన్నాను.