మూలన కూచున్న ముసలమ్మ

కోయిలకుంట్లలో రామసుబ్బమ్మకు ఫోను ఇచ్చింది మనవరాలు శివాని. పెళ్లయి కల్లూరుకు కాపురానికి పోతూ, తన పాత ఫోనులో పైనే తన ఫోటో కనబడేలా పెట్టి, "ఇది ఒత్తు, తర్వాత ఈ కెమెరా బొమ్మ ఒత్తు, నేను ఎత్తేదాంకా ఊరికే కూచో అవ్వా" అని నేర్పించింది. అంతకు మించి చెప్పే తీరిక లేకపోయింది.

రామసుబ్బమ్మ రోజూ సాయంత్రం నాలుగింటికి వాకిలికి వీపు పెట్టి కూచుని, ఫోను ఒళ్లో పెట్టుకుని ఒత్తేది. రింగవుతుండగా తెర నిండా ఎవరో నల్లటి ముసలమ్మ ప్రత్యక్షమయ్యేది. గడ్డం, ముక్కు రంధ్రాలు తప్ప మొహం సరిగా తెలిసేది కాదు. శివాని ఎత్తగానే ఆ ముసలమ్మ చిన్నదైపోయి, కింద మూలన గడిలో కూచునేది.

కంట్లో పొర ఉన్న రామసుబ్బమ్మకు సంగతి అర్థమైపోయింది. ముసలమ్మ ముందుగా వచ్చి తలుపు తీస్తుంది, ఇంటి కోడలు రాగానే మర్యాదగా పక్కకు తప్పుకుంటుంది. పెదాలు కదిలిస్తుంది గానీ మాట రాదు. పాపం, మూగది.

"ఆ ముసలామెకు వేళకు ఇంత పెడతాండారా?" అని ఒకరోజు అడిగింది.

శివాని అత్త స్వర్ణలత పక్కనే బియ్యం ఏరుతోంది. యాభై నాలుగేళ్ల మనిషి, నెలనెలా జుట్టుకు రంగు వేసుకుంటుంది. ఆ ఇంట్లో శివాని కంటే పెద్దది ఆమె ఒక్కతే. ఫోను స్పీకర్లో ఉంది.

"పెడతాండాంలే అవ్వా," అంది శివాని, అత్తనే అడుగుతోందనుకుని నవ్వాపుకోలేక.

"శానా మంచిదమ్మే. నోట్లో నాలిక లేదు."

స్వర్ణలత చేతిలోని చేట ఆగిపోయింది. ఆమె నోరు మెదపకుండా ఉన్న రోజు ఆ వీధిలో ఎవరికీ గుర్తు లేదు. ఇది ఎత్తిపొడుపు కాక మరేమిటి?

వారం తిరిగేసరికి కోయిలకుంట్ల బస్సులో మూట వచ్చింది. మెత్తగా దంచిన చెనిక్కాయల పొడి, ఒక నేత కోక. "నమలలేని పెద్దామెకు," అని తెచ్చినాయన చెప్పిపోయాడు. స్వర్ణలత అద్దం ముందు నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టుకుంది. ఇరవై ఎనిమిదీ ఉన్నాయి.

ఆ సాయంత్రం శివాని మిద్దె మీద బట్టలు తీస్తుంటే ఫోను మోగింది. స్వర్ణలతే ఎత్తింది.

"ఏం పెద్దమ్మా, నేను ముసలిదాన్నా?"

"నువ్వా తల్లీ? నిన్నెందుకంటాను! నీ పక్కన మూలన కూచోనుండాదే, ఆమెను గదా."

స్వర్ణలత గది మూలకు చూసింది. ఎయిర్ కూలర్ తప్ప ఏమీ లేదు.

"ఈడ ఎవురూ లేరు పెద్దమ్మా."

"అయ్యో, నన్నే చూస్తాండాదే!"

దయ్యమేమో అనుకుంది స్వర్ణలత. ఇల్లు కట్టి ఏడాది కూడా కాలేదు. ఫోను పట్టుకుని హాల్లోకి పరుగెత్తింది. "ఇప్పుడు?"

"నీ యెంబడే వచ్చింది!"

వంటింట్లోకి పోయింది.

"ఆడికీ వచ్చింది తల్లీ! నువ్వు యాడికి పోతే ఆడికి వస్తాంది!"

స్వర్ణలత కేక విని శివాని చంకలో బట్టలతోనే దిగివచ్చింది. ఫోను అందుకుని, "ఆమె ఏం కోక కట్టుకునుండాది అవ్వా?" అంది.

"నా మాదిరే, ఆకుపచ్చది."

"నీ కుడిచెయ్యి ఎత్తు."

రామసుబ్బమ్మ ఎత్తింది. గడిలో ముసలమ్మ కూడా, అద్దంలో మాదిరే అదే పక్కన చెయ్యెత్తింది.

"ఇప్పుడు ఆ గడిని ఒకసారి తాకు."

తాకగానే ముసలమ్మ తెరంతా నిండింది, శివాని గడిలోకి పోయింది. "నువ్వెందుకు మూలకు పోతివే!" అని అవ్వ కంగారుపడింది.

"నేను యాడికీ పోలేదు. నీకు వెలుతురు వెనకుంటే మొహం నల్లగా పడతాది. వాకిలి దిక్కు తిరుగు. ఫోను కండ్లకు ఎదురుగా ఎత్తు."

రామసుబ్బమ్మ మోకాళ్లు పట్టుకుని తిరిగింది. ఎండ మొహాన పడింది. నల్లటి ముసలమ్మ తెల్లబడింది. బుగ్గ మీద పుట్టుమచ్చ, చెవులకు కమ్మలు. బొట్టు పెట్టుకునే అరచేతంత అద్దంలో ఎప్పుడూ నుదురే చూసుకునేది. మొత్తం మొహం చూసుకుని ఎన్నేండ్లయిందో.

"నేనా?" అంది మెల్లగా. తెర మీది పెదాలూ కదిలాయి. "ఇంత ముసలిదాన్నయినానా? రెండు నెలలుగా నా మీద నేనే జాలిపడతాన్నానా?"

అంతవరకూ వంటింటి గోడకు ఆనుకుని నిలబడ్డ స్వర్ణలతకు ముందు ఊపిరి వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది. శివాని భుజం మీదుగా తల పెట్టి, "అయితే ఆ ముసలామె నేను కాదు గదా పెద్దమ్మా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి తేల్చుకుంది.

"నువ్వు పడుచుదానివమ్మా!" అంది రామసుబ్బమ్మ.

మరుసటి రోజు నుంచి ఆమె తల దువ్వుకుని, వాకిలికి ఎదురుగా కూచుని, ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి ఒత్తడం మొదలుపెట్టింది. ఆ వేళకు స్వర్ణలతే ముందు ఎత్తుతోంది. కెమెరా వెనక్కి తిప్పడం కూడా ఆమే నేర్పించింది. ఆరబెట్టిన మిరపకాయలు చూపిస్తూ, మోకాళ్ల నొప్పులు చెప్పుకుంటూ ఇద్దరూ ముప్పావుగంట దాకా ఫోను పెట్టరు. తన వంతు కోసం శివాని పక్కన ఎదురుచూస్తుంటుంది.