ఒకే పేరు, ఒకటే పోరు

మా కంపెనీలో ఈమెయిల్ చిరునామాలు ఇవ్వడం నా పని. రూలు చిన్నది: పేరు, చుక్క, ఇంటిపేరు. అదే పేరూ అదే ఇంటిపేరూ ఉన్నవారు ఇంకొకరు చేరితే, ముందొచ్చినవారి చిరునామా ముట్టుకోకూడదు. వెనకొచ్చినవారికి చివర రెండు అంకె తగిలించాలి.

ఈ రూలు ఇన్నాళ్లూ హాయిగా నిద్రపోయింది. కొత్తగా చేరిన ఫైనాన్స్ జనరల్ మేనేజరు దాన్ని తన్ని లేపాడు. ఆయన పేరూ ఇంటిపేరూ అచ్చం మా లిఫ్టు మెకానిక్‌వే.

"నేనేమన్నా రెండో నంబరు సరుకునా?" అని నా టేబుల్ గుద్దాడు. పదవి పెద్దది, పెదవి అంతకంటే పెద్దది.

"అది వరస కోసం సార్, హోదా కోసం కాదు."

"లిఫ్టులకి గ్రీజు రాసేవాడు ఒకటి, నేను రెండా? మార్చెయ్!"

"మారిస్తే ఆయనకి రావాల్సినవి మీకొస్తాయి సార్. అందరి ఫోన్లలోనూ ఆ చిరునామా ఆయనదిగానే ఉండిపోయింది."

"రానీ. చదువుకున్నవాణ్ణి, చదవలేనా?"

హెచ్చార్ చూసేది మా వదినే. గోడు చెప్పుకుందామని పరిగెత్తాను.

"ఎండీగారు సంతకం పెట్టేశారు మరిదీ! నీ రూలు బాగుంది. నీ ఉద్యోగం కూడా బాగుండాలా, వద్దా?"

నోరు మూసుకుని మార్చాను. మెకానిక్‌కి రెండు తగిలింది. ఆయన మాత్రం నవ్వేశాడు. "పోన్లే తమ్ముడూ! నా పేరు ఆయన మోస్తానంటే నాకేం, భుజం ఖాళీ."

మర్నాడు ఎండీగారు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టులో ఇరుక్కున్నారు. అందులో ఫోన్ కలవదు, ఆఫీసు వైఫై మాత్రం సన్నగా పాకుతుంది. అలారం బటన్ మూగబోయింది. దాని రిపేరు కాగితం ఫైనాన్స్‌లో కూర్చుంది. ఎండీగారు మెయిల్ తెరిచి మెకానిక్ పేరులో రెండక్షరాలు కొట్టగానే ఫోన్ మిగతాది పాత అలవాటు ప్రకారం నింపేసింది.

"ఇరుక్కుపోయాను. వెంటనే చూడు."

జనరల్ మేనేజరు జవాబు: "ఏ ఖాతాలో సార్?"

"గాలాడట్లేదయ్యా!"

"కొత్త ఏసీకి మూడు కొటేషన్లు జతచేయగలరు."

ఎండీగారు నాకు రాశారు: "ఆ మెకానిక్‌కి మతిపోయిందా?"

"మీ మెయిల్ వెళ్లింది జనరల్ మేనేజరుగారికి సార్. నిన్న మీరు సంతకం పెట్టారుగా."

ఆయన దగ్గర్నుంచి ఒకే ముక్క వచ్చింది: "ముందు నన్ను తియ్యి. తర్వాత ఆయన్ని మార్చు."

మెకానిక్‌ని వెంటబెట్టుకుని నాలుగో అంతస్తుకి ఉరికాను. ఆయన తలుపు విడదీసి, ఎండీగారిని చంకల కింద పట్టుకుని పైకి లాగాడు. కంపెనీ పెద్దకి అంత నిజమైన లిఫ్టు ఎవరూ ఇచ్చి ఉండరు.

అప్పుడే జనరల్ మేనేజరు ఫైలుతో వచ్చాడు.

"ఈయనకి రెండు తగిలించు," అన్నారు ఎండీగారు ఆయాసపడుతూ.

"తగిలించండి సార్, కాదనను," అన్నాడాయన ఫైలు తెరుస్తూ. "కానీ ఆ ఏసీ విషయం... మూడు కొటేషన్లలో ఒక్కటీ రాలేదు."