సగం కమీషన్

మామగారి కుడికాలు మోకాలి కింద నుంచి తీసేసిన రోజున కోడలు ఏడవలేదు. ఏడుపు వారం తర్వాత వచ్చింది, ఇంటి మెట్ల దగ్గర. వాళ్ళుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పక్కవాటా అన్నదమ్ములిద్దరూ ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. బస్సు కండక్టరుగా బతుకంతా గడిపిన మనిషి, "రైట్ రైట్! ఫుట్‌బోర్డు మీద ఎవరూ లేరుగా?" అని మలుపు మలుపుకీ కేకేసి వాళ్ళని నవ్వించాడు. పైకి చేరాక మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కట్టు మార్పించడానికి ఆయన్ని వారం వారం కిందికి దించాలి. మొదట్లో పిలవకుండానే వచ్చిన అన్నదమ్ముల్లో ఒకడికి నడుం పట్టేసింది. రెండోవాడు తలుపు తట్టినా పలకడం మానేశాడు. వాళ్ళని అనడానికేముంది? సాయం కూడా వాడే కొద్దీ అరిగిపోయేదే. భర్త లారీ నడుపుతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. కింద వాటా వెతికే పని కోడలి నెత్తిన పడింది.

ఆమె ప్రెస్సులో పుస్తకాలు బైండింగు చేస్తుంది. భోజనాల వేళ బ్రోకరు స్కూటరెక్కి ఇళ్ళు చూసేది. ఒక ఇంటికి గడప ఎత్తు, ఇంకో ఇంటికి స్నానాలగది పెరట్లో ఎక్కడో. చివరికి మందుల షాపాయన వాటా కుదిరింది. షాపు వెనకే, వీధితో సమానంగా ఉన్న రెండు గదులు. ఆమె సంచిలోంచి బైండింగు దారం తీసి స్నానాలగది గుమ్మానికి అడ్డంగా పట్టి, కొలత దగ్గర ముడి వేసుకుంది. ఆస్పత్రిలో కొలుచుకున్న చక్రాల కుర్చీ వెడల్పు కన్నా రెండు వేళ్ళు ఎక్కువే ఉంది.

"ఇంకేం అక్కా, మీకోసమే కట్టినట్టుంది," అన్నాడు బ్రోకరు. తిరుగు దారిలో ఉత్సాహం ఎక్కువై ఇంకో మాట కూడా అనేశాడు. "వానాకాలం నుంచీ ఖాళీ అక్కా. ఓనరు గిలగిల్లాడిపోతున్నాడు. ఎవరినన్నా తీసుకురారా బాబూ అని రోజూ ఫోనే."

"ఆయన నీకేమిస్తాడన్నా?"

"ఓనర్లు ఇవ్వరక్కా. ఇల్లు చూపిస్తారు, అంతే. ఒక నెల అద్దె కమీషను, అది దిగేవాళ్ళదే."

ఆ మాట ఇంటికొచ్చి చెబితే మామగారు లేచి కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన గొంతులో బస్సు వినిపించింది.

"ఇద్దరెక్కి ఒక్కడే టిక్కెట్టు కొంటే ఊరుకునేవాణ్ణా నేను? నీకు ఇల్లు దొరికింది, వాడికి అద్దె మొదలైంది. చెరి సగం. అడుగమ్మాయ్."

"అడిగితే ఇల్లు ఇవ్వనంటాడేమో మామయ్యా."

"ఖాళీ బస్సు నడిపేవాడికి ప్యాసింజరు విలువ తెలుస్తుందిలే. అడుగు. డబ్బుకోసం కాదు... సరే, డబ్బుకోసమే. ఆ సగంతో కొయ్యకాలికి బయానా కట్టొచ్చు."

మర్నాడు టోకెను డబ్బు కొంగున ముడేసుకుని వెళ్ళింది. షాపు మెట్టు మీద బ్రోకరు గొంతు తగ్గించి, "ముందు టోకెను ఆయన చేతిలో పెట్టక్కా. అది పడితే ఇల్లు మీది. మాటలు తర్వాత," అన్నాడు. డబ్బిచ్చేసి ఆ తర్వాత పేచీ పెట్టడం ఆమెకి పద్ధతిగా తోచలేదు. ముందే చెప్పుకోవడం మర్యాద అనుకుంది.

మందుల షాపాయన చీటీలు చూసి మాత్రలు కత్తిరిస్తూనే విన్నాడు.

"సగమా? నేనెందుకివ్వాలమ్మా? బ్రోకర్ని పెట్టుకుంది మీరు."

"నాతో తిరిగాడు, నిజమే సార్. మీ పనీ చేశాడుగా? ఇల్లు ఖాళీగా ఉంటే నెలనెలా పోయేది మీ అద్దే."

"నా ఇంటికేం, బోర్డు పెడితే క్యూ కడతారు. నేనెవర్నీ పిలవలేదు."

"అయ్యో, అదేంటి సార్," అంది ఆమె, దాచాలని తోచక. "మీరు రోజూ ఫోన్ చేసి ఎవరినన్నా తీసుకురమ్మంటున్నారని ఈ అన్నే చెప్పాడుగా! గిలగిల్లాడుతున్నారని..."

కత్తెర ఆగింది. దగ్గుమందు కోసం నిలబడ్డ ముసలావిడ కిసుక్కున నవ్వింది. షాపాయన బ్రోకరు వైపు తిరిగాడు.

"ఏమయ్యా, గిలగిల్లాడుతున్నానా? చేపనా నేను?"

బ్రోకరు చెప్పుల వంక చూసుకున్నాడు. "ఊరికే మాటవరసకి సార్..."

షాపాయన చిల్లర ఇచ్చి ముసలావిడని పంపి, ఆమెతో మెత్తగానే అన్నాడు. "సరేనమ్మా. మీరన్నదాంట్లో న్యాయముంది. సగం నేనిస్తాను."

ఆమె కొంగుముడి విప్పబోయింది. బ్రోకరే అడ్డుపడ్డాడు. "ఇప్పుడొద్దులెండక్కా. కమీషను ఎవరిదెంతో అగ్రిమెంటుతో పాటే తేల్చుకుందాం. రేపు కాగితం రాయించి తెస్తా. టోకెనూ అప్పుడే." షాపాయన తలూపాడు. ఆమె ఆ ముడి మళ్ళీ బిగించుకుని, ఇద్దరికీ దణ్ణం పెట్టి మరీ వచ్చింది.

ఇంట్లో మామగారు గుమ్మంలోకి కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు.

"ఇచ్చాడా సగం?"

"ఒప్పుకున్నాడు మామయ్యా."

"చూశావా!" అని తొడ చరచబోయాడు. చెయ్యి అలవాటుగా కోసేసిన కాలివైపే వెళ్ళింది. తడబడి రెండో తొడ మీద ఆనించాడు. "ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదంతే. మంగలిని పిలిపించు. కొత్త వీధిలోకి ఈ గడ్డంతో దిగితే అడుక్కునేవాడనుకుంటారు."

మర్నాడు ప్రెస్సు వదలగానే వెళ్ళింది. షాపు వెనక వాటా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆటోలోంచి ఎవరో పరుపులు దింపుతున్నారు.

షాపాయన ఆమె మొహంలోకి చూడలేదు. "నేను కాదన్లేదమ్మా. మీ మాట న్యాయమే, ఇప్పుడూ అదే అంటాను. కానీ పొద్దున్నే బ్రోకరు వేరేవాళ్ళని తెచ్చాడు. కమీషనంతా వాళ్ళే ఇస్తారట. టోకెనూ ఇచ్చేశారు. మీరు టోకెను ఇవ్వలేదుగా?"

"ఇవ్వబోతే రేపన్నారు కదండీ."

ఆయన ఇంకెవరిదో చీటీ అందుకున్నాడు.

బ్రోకరు వీధి చివర స్కూటరు మీద దొరికాడు.

"మొత్తం నేనే ఇస్తానన్నా. ఇంకో సగం కలిపి తీసుకో. ఆ ఇల్లు ఇప్పించు."

"సగం కోసం చేశాననుకుంటున్నారా?" అన్నాడు. నిన్నటి అక్క పిలుపు పోయింది. "ఎవరిచ్చినా నా కమీషను నాకొచ్చేది. ఆయనకి ఈ పేటలో ఇంకా వాటాలున్నాయి, అన్నీ నా చేతిమీదే నడుస్తాయి. ఓనరు మాట దిగేవాళ్ళకీ, దిగేవాళ్ళ మాట ఓనరుకీ మోస్తేనే మాకు బువ్వ. ఆ మూటని మీరు షాపులో విప్పి ఆరేశారు. మీలాంటి పార్టీని దింపితే రేపు ప్రతి నెలా నాకో పంచాయితీ."

"ముసలాయన మూడంతస్తులు ఎలా దిగుతాడన్నా?"

"అందుకే టోకెను ముందివ్వమన్నాను," అన్నాడతను. ఆ మాటలో ఎగతాళి లేదు. స్కూటరు తన్ని వెళ్ళిపోయాడు.

న్యాయమేనని ఓనరే ఒప్పుకున్నాడు. ఇల్లు మాత్రం మూడోవాళ్ళకి పోయింది.

ఆమె మెట్లెక్కి వచ్చేసరికి మామగారు నున్నగా గీయించుకున్న గడ్డంతో, ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ఉన్నాడు. పక్కవాటా నడుంనొప్పి కుర్రాణ్ణి పట్టుకుని పాఠం చెబుతున్నాడు. "అడగాలిరా. అడగనిదే అమ్మైనా పెట్టదు. మా కోడలు అడిగింది, ఓనరు నోరెత్తకుండా ఒప్పుకున్నాడు! ఎవడు నేర్పాడనుకున్నావ్?" ఆమెని చూసి, "కాగితం అయిందా అమ్మాయ్?" అన్నాడు.

"మంచినీళ్ళు తాగి వస్తాను మామయ్యా," అని ఆమె లోపలికి వెళ్ళింది. సంచిలో ముడివేసిన దారం చేతికి తగిలింది. దాన్ని అలాగే వదిలేసింది.

ఇది జరిగి నెల దాటింది. అగ్రిమెంటు ఆలస్యమవుతోందని చెబుతూ వస్తోంది. ఆ ఇల్లు పోయిందని మామగారికి ఇంకా చెప్పలేదు.