బావ కొన్న వాషింగ్ మెషిన్

మా బావకు వస్తువు కొనడం కంటే, కొనేముందు తెలివి చూపించడం ఇష్టం. అక్క కుడి మణికట్టుకు ఆపరేషన్ అయి నెల దాటింది. తడిబట్ట పిండితే చెయ్యి మళ్ళీ మొదటికొస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకే ఆ వారంలోనే వాషింగ్ మెషిన్ రావాలి.

వీధి చివరి షాపాయన బావకు గంటసేపు ఓపిగ్గా చెప్పాడు. "మా మనిషే పైకి మోసుకొచ్చి, వెనకాల బోల్టులు తీసి, పైపు బిగించి, ఒకసారి నడిపి చూపిస్తాడండీ. తర్వాత ఏ తేడా వచ్చినా నన్నడగండి." బావ బుద్ధిగా తలాడించాడు. మోడల్ నంబరు ఫోటో తీసుకుని ఇంటికొచ్చి, అదే మెషిన్ ఆన్‌లైన్‌లో కాస్త తక్కువకు కొన్నాడు.

"నచ్చకపోతే పది రోజుల్లో వాపసు" అన్నాడు గర్వంగా.

"వాపసిచ్చి మళ్ళీ తెచ్చేదాకా బట్టలెవరు పిండుతారు బావా?"

"నీకు ఆన్‌లైన్ సంగతి తెలీదులే."

మెషిన్ వచ్చింది, గేటు దాకా. మెట్లెక్కించడం తమ పని కాదని, తెచ్చినవాళ్ళు సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయారు. బావ పక్కింటివాళ్ళను బతిమాలి పైకి చేర్పించాడు. బిగించే టెక్నీషియన్ రెండు రోజులకు వస్తాడట. అతనొచ్చేదాకా పెట్టె విప్పొద్దని దానిమీదే పెద్దక్షరాలతో రాసుంది. రాసింది చదివితే ఆయన మా బావ ఎందుకవుతాడు.

పైపు తనే తగిలించి, దుప్పట్లు కుక్కి, స్విచ్చేశాడు. కాసేపు బాగానే తిరిగింది. నీళ్ళు పిండే వేగం అందుకోగానే మెషిన్ గంతులేస్తూ గోడ దాకా వెళ్ళింది. పైపు ఊడి ఇల్లంతా నీళ్ళు. బావ దాన్ని కౌగిలించుకుని, దాంతోపాటే ఊగాడు.

టెక్నీషియన్ వచ్చి మెషిన్ వెనకవైపు చూశాడు. నాలుగు బోల్టులూ ఎక్కడివక్కడే ఉన్నాయి. "దారిలో డ్రమ్ము కదలకుండా బిగిస్తారు సార్. ఇవి తీయకుండా తిప్పారు. లోపల డ్రమ్మును పట్టుకునే భాగాలు విరిగాయి. వారంటీ రాదు. కొత్తవి రావడానికి మూడు వారాలు పడుతుంది."

బావ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాడు. లోపం వస్తువుదైతేనే వాపసట. ఇంకేమైనా సహాయం కావాలా అని ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా అడిగింది.

చివరికి షాపు మెట్లెక్కాడు. "నా దగ్గర కొనుంటే ఈపాటికి నా పీక పట్టుకునేవారు" అన్నాడు షాపాయన. "ఇప్పుడెవరి పీక పట్టుకుంటారండీ?"

తిరిగొచ్చేసరికి అక్క, మెషిన్‌లోనే ఉండిపోయిన తడి దుప్పటి తీసి, అంచును కుళాయికి చుట్టి, ఎడం చేత్తో మెలిపెడుతోంది. కుడిచెయ్యి సాయం పట్టినప్పుడల్లా నొప్పికి పెదవి కొరుక్కుంటోంది. నేను లాక్కోబోతే వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది.

"మూడు వారాలు ఓపిక పట్టు" అన్నాడు బావ.

"ఓపిక ఉందండీ. చెయ్యే లేదు."

దుప్పటి ఆయన చేతుల్లో పెట్టి, అక్క పక్కనే స్టూలు మీద కూర్చుంది. ఆయన పిండిన ప్రతి దుప్పటినీ ముట్టుకుని చూసి, ఇంకా నీళ్ళున్నాయని వెనక్కిచ్చింది. మూడో దుప్పటికి బావ తన మణికట్టు పట్టుకుని, షాపు ఎన్నింటికి మూస్తారని అడిగాడు.