హెల్పర్ అనే రాయండి

సత్యశ్రీ రెజ్యూమేలో అబద్ధం ఒక్కటే ఉంది. అది కూడా ఆమె కల్పించింది కాదు, ఒకరు కల్పిస్తుంటే వద్దనకుండా కూర్చుంది.

పటాన్‌చెరు బస్టాండు దగ్గర జిరాక్సు, టైపింగ్ దుకాణం నడిపే ప్రవీణ్‌కుమార్‌ది ఈ విషయంలో అందెవేసిన చెయ్యి. గల్ఫ్ వెళ్లే వెల్డర్ల నుంచి పెళ్లి సంబంధాల బయోడేటాల దాకా అన్నీ అతని కంప్యూటర్లోంచే బయటికి వస్తాయి. సత్యశ్రీ చెప్పిన సంవత్సరాలు టైపు చేస్తూ చేస్తూ ఒకచోట ఆగాడు.

"హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా అయినంక నాలుగేండ్లు ఏం చేసినవక్కా? గీడ ఖాళీ కనిపిస్తుంది."

"బొల్లారంలో మందుల కంపెనీ కాంటీన్‌లో ఉన్నా."

"కాంటీనా!" ప్రవీణ్‌కుమార్ కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. "పెద్ద షిప్పుల కొలువుకు పోతూ గది రాస్తరా ఎవరన్నా? సూడంగనే పక్కకు పడేస్తరు. నా దోస్తుకు వైజాగ్‌ల హోటలుంది, నలభై రూములది. గండ్ల నాలుగేండ్లు కుక్‌గ చేసినవని రాస్త. ఫోన్ గిట్ల వస్తే వాడు ఔననే అంటడు. నువ్వేం పరేషాన్ గాకు."

సత్యశ్రీ ఔననలేదు, కాదనలేదు. ప్రింటు తీసిన కాగితం వేడివేడిగా చేతికొస్తే తీసుకుని బ్యాగులో పెట్టుకుంది.

ఆమె మరీ అంత పిరికిది కాదు. కాకపోతే ఆ కాంటీన్ మాట దాచడం ఆమెకు ఐదేళ్లుగా అలవాటైపోయింది. ఇప్పుడు ముంబై హైవే మీద పెద్ద హోటల్లో షెఫ్ డి పార్టీ, అంటే వంటింట్లో ఒక విభాగమంతా ఆమె చేతి కింద నడుస్తుంది. అందులో చేరిన కొత్తలో కాంటీన్ నుంచి ఒకతను ఉద్యోగానికొస్తే, ఎగ్జిక్యూటివ్ షెఫ్ అతని కాగితం అందరి ముందూ చదివి, "ఇక్కడ గరిటె తిప్పాలి నాయనా, పార కాదు" అన్నాడు. వంటిల్లంతా పగలబడి నవ్వింది. సత్యశ్రీ కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు తనమీద తనకే ఒళ్లు మండుతుంది.

ప్రయాణికుల ఓడలో వంట ఉద్యోగం ఆమెకు కావాలి. గట్టిగా కావాలి. ముప్ఫై రెండేళ్లొచ్చాయి. హోటల్లో పైమెట్టు మీదున్న సూ షెఫ్ ఇప్పట్లో కదిలేలా లేడు, కదిలినా ఆ మెట్టు ఆమెకిచ్చేలా లేరు. ఓడలో మొదట ఒక మెట్టు దిగి డెమి షెఫ్‌గా చేరాల్సి వచ్చినా సరే, అక్కడి నుంచి ఎంతదూరమైనా ఎక్కవచ్చునని ఆమె లెక్క.

అమీర్‌పేటలో ఉన్న ఏజెన్సీ ఆఫీసుకు వారం తర్వాత పిలుపొచ్చింది. ఓడల కంపెనీ ముందు కూర్చోబెట్టే వాళ్లను ఏరేది అక్కడ సూర్యప్రకాశరావు గారు. ఇరవై రెండేళ్లు ఓడల మీద వండి, మోకాళ్లు అరిగి ఒడ్డుకు చేరిన మనిషి. ముందు ఒక ఉల్లిపాయ ఇచ్చి తరగమన్నారు. తర్వాత సాస్‌ల గురించి అడిగారు. అన్నీ బాగానే చెప్పింది. ఆయన మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. రోజుకు పది మంది అవే జవాబులు చెప్పి పోతారు కాబోలు.

"పెద్ద డేగిశా నిండా పప్పు వండావమ్మా. అది రాత్రి షిఫ్టుకి దాచాలి. ఏం చేస్తావ్?"

ఈ ప్రశ్నకు సత్యశ్రీ ఆలోచించనే లేదు. "డేగిశాలో ఉంచను సార్. లోతు తక్కువ ట్రేలలో రెండంగుళాలు మించకుండా పోసి, ఐసు మీద పెడతాను. రెండు గంటల్లో యాభై ఏడు డిగ్రీల నుంచి ఇరవై ఒకటికి దిగాలి. ఆ తర్వాత నాలుగు గంటల్లో ఐదుకి రావాలి. ప్రతిసారీ థర్మామీటరు పెట్టి రిజిస్టర్లో రాయాలి. దిగకపోతే పారబోయాలి."

"పుస్తకంలో ఉన్నదే. ఎప్పుడైనా పారబోశావా?"

"పారబోశాను సార్. కోల్డ్ రూమ్ చెడిపోయింది ఒకరోజు. ఎనిమిది వందల మందికి వండిన పప్పు. అందరూ వాసన చూసి బాగానే ఉందన్నారు. నేను థర్మామీటరు చూశాను. మొత్తం పారబోసి, యాభై నిమిషాల్లో నిమ్మకాయ పులిహోర కలిపి పెట్టాం. షిఫ్టు సైరన్ మోగేసరికి వడ్డన మొదలైంది."

సూర్యప్రకాశరావు గారు మొదటిసారి కుర్చీలో ముందుకు జరిగారు. రెజ్యూమే తిప్పి చూశారు. "నలభై గదుల హోటల్లో ఎనిమిది వందల మంది ఎక్కడి నుంచి వచ్చారు? హోటల్లో సైరన్ ఎందుకు మోగింది?"

సత్యశ్రీ తన నోటితో తానే దొరికిపోయింది. మరో అబద్ధం అల్లడానికి ఒక క్షణం వ్యవధి ఉంది. ఆ క్షణంలో పులిహోర కలిపిన ఆ పొద్దు, పసుపు అంటిన మోచేతులు, అన్నం బేసిన్ల మీంచి లేచిన ఆవిరి గుర్తొచ్చాయి. అంత మంచి రోజును ఇంకొకరి హోటల్‌కు ధారపోయడానికి ఆమెకు మనసొప్పలేదు.

"అది హోటల్ కాదు సార్. బొల్లారంలో కాంటీన్. నాలుగేళ్లు చేశాను. వైజాగ్ మాట అబద్ధం."

"ఎందుకు రాయించావ్?"

"నవ్వుతారని."

ఆయన నవ్వలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఓడ కంపెనీ పాత ఉద్యోగాలన్నిటికీ ఫోన్ చేసి కనుక్కుంటుంది. దొరికితే నీ పేరు మళ్లీ ఎన్నడూ చూడరు. అదొకటి. రెండోది విను. నేను పనిచేసిన చివరి ఓడలో నాలుగు వేల మంది ప్రయాణికులు, పదిహేను వందల మంది సిబ్బంది. ప్లేటు మీద ఆకులు, పువ్వులు అందంగా పేర్చేవాళ్లు నాకు బోలెడుమంది దొరుకుతారు. బాగానే ఉందని అందరూ అంటుంటే థర్మామీటరు చూసి పారబోసే మనిషి దొరకడు. నీలో నాకు కావలసింది ఆ నాలుగేళ్లే. వాటినే దాచిపెట్టుకొచ్చావు. రేపు మధ్యాహ్నం పన్నెండుకి జాబితా పంపుతాను. ఈలోగా సరిచేసి, అనుభవ పత్రంతో పంపు. లేకపోతే నీ పేరుండదు."

మర్నాడు సెలవు పెట్టి, పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి బొల్లారంలో దిగింది. మందుల ఘాటు ముక్కుకు తగిలింది. ఒకప్పుడు చీర కొంగులో, జడలో కూడా ఉండేది ఆ వాసన. కాంటీన్ కాంట్రాక్టరు విశ్వేశ్వర్‌ది సంగారెడ్డి. వాళ్లది పప్పుల వ్యాపారం చేసే కుటుంబం, మనిషి మాత్రం ఉదారుడు. విషయం విని వెంటనే లెటర్‌హెడ్ తీశాడు.

"దానికేంది సత్యా, రాసిస్త. సీనియర్ షెఫ్ అని కొడదామా? మంచిగుంటది."

"వద్దన్నా. మీ హాజరు పుస్తకంలో నేనెవర్ని?"

విశ్వేశ్వర్ కాస్త ఇబ్బంది పడ్డాడు. "గదా... హెల్పర్ అని ఉంది. అప్పట్ల ఆడోళ్లందర్నీ గట్లనే రాసినం."

"హెల్పర్ అనే రాయండి. కింద నేనేం పని చేశానో అది కూడా రాయండి."

అతను ఆమె మొహంలోకి ఒకసారి చూసి, అలాగే రాశాడు. కాంటీన్‌కు విదేశీ ఆడిట్ల భయం ఉంది కాబట్టి పాత ఉష్ణోగ్రతల రిజిస్టర్లు అట్టపెట్టెలో భద్రంగా ఉన్నాయి. అందులోంచి రెండు పేజీలు జిరాక్సు తీయించి ఇచ్చాడు. పప్పు పారబోసిన రోజు పేజీ కూడా దొరికింది. "ముప్ఫై నాలుగు డిగ్రీలు, పారబోశాం" అని ఆమె చేతిరాత, కింద సంతకం, పక్కన సావిత్రమ్మ వేలిముద్ర.

సావిత్రమ్మ ఇంకా అక్కడే ఉంది. హెడ్ కుక్. లోపల మనిషంత డేగిశా ముందు నిలబడి అన్నం చూస్తోంది. సత్యశ్రీ వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మా, నా కాగితంలో నీ పేరు పెట్టుకుంటా. వాళ్లు ఫోన్ చేసి నా గురించి అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పు."

"నా పేరెందుకు బిడ్డా? నాకు సదువు రాదు, ఇంగ్లీషు రాదు. విశ్వేశ్వర్ పేరు పెట్టుకో."

"ఆయన నాకు జీతమిచ్చాడు. పని నేర్పింది నువ్వు."

సావిత్రమ్మ గంటెతో అన్నం తిరగేసింది. ఆమెకు మాటలు తక్కువ.

పటాన్‌చెరు దుకాణంలో ప్రవీణ్‌కుమార్ కొత్తగా టైపు చేస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. "హెల్పరా అక్కా? నిజంగనే గట్ల కొట్టాల్నా?" కొట్టాడు. హెల్పర్, పారిశ్రామిక కాంటీన్, మూడు షిఫ్టులు, రోజుకు పద్దెనిమిది వందల భోజనాలు, అన్నం, పప్పు విభాగం, ఉష్ణోగ్రతల రిజిస్టరు. తర్వాత హోటల్లో ఐదేళ్లు. ఆఖర్న, సంప్రదించవలసిన వారు: సావిత్రమ్మ, హెడ్ కుక్. మొత్తం రెండు పేజీలు. పదకొండున్నరకు మెయిల్ వెళ్లిపోయింది. ప్రవీణ్‌కుమార్ ప్రింటు మరోసారి చదువుకుని, "ఏమన్నా అను అక్కా, దమ్మున్నట్టు కనిపిస్తుంది" అన్నాడు.

కంపెనీ ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. ఓడ షెఫ్, ఒక ఎర్రగడ్డం ఆయన, హోటల్ సంగతి రెండు నిమిషాల్లో ముగించి, మిగతా ఇరవై నిమిషాలూ కాంటీన్ గురించే అడిగాడు. సత్యశ్రీ వచ్చిన ఇంగ్లీషులోనే చెప్పింది. ఒక్కసారి కూడా తల దించుకోలేదు.

ఆ తర్వాత పది రోజులు ఏ కబురూ లేదు. పదకొండో రోజు మధ్యాహ్నం, హోటల్ వంటింట్లో ఆర్డర్లు ముంచెత్తుతున్న వేళ ఫోన్ మోగింది. సూర్యప్రకాశరావు గారు.

"సత్యశ్రీ, తీసుకున్నారమ్మా. డెమి షెఫ్. మెడికల్, భద్రతా శిక్షణ, ఓడ సిబ్బందికిచ్చే సీడీసీ గుర్తింపు పుస్తకం, ఇవన్నీ ఇక మొదలుపెట్టాలి. వివరాలు మెయిల్‌లో వస్తాయి."

ఆమె స్టవ్ పక్కన గోడకు ఆనుకుంది. ఎగ్జిక్యూటివ్ షెఫ్ ఏమిటన్నట్టు చూస్తున్నాడు.

"ఇంకో మాట," అన్నారాయన. "మీ సావిత్రమ్మ గారికి నేనే ఫోన్ చేశాను. ఈ అమ్మాయి మీ దగ్గర ఏ హోదాలో పనిచేసిందని అడిగాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఫారంలో రాసుకున్నాను, కంపెనీకి తర్జుమా చేసి పంపాను. వింటావా?"

"చెప్పండి సార్."

ఆయన చదివారు. "'కాయితంల హెల్పర్. పొయ్యి కాడ, నేను లేనినాడు అదే నేను.'"

సత్యశ్రీ కళ్లు నిండాయి, తుడుచుకోవాలనిపించలేదు. ఫోన్ పెట్టేసి అందరి వైపూ తిరిగింది.

"ఎవరు?" అన్నాడు ఎగ్జిక్యూటివ్ షెఫ్.

"ఓడ ఉద్యోగం వచ్చింది షెఫ్. కాంటీన్ పని చూసి తీసుకున్నారు." అందరికీ వినబడేలా చెప్పింది. "నేను బొల్లారం కాంటీన్ నుంచి వచ్చాను. హెల్పర్‌గా చేశాను."

ఈసారి వంటింట్లో ఎవరూ నవ్వలేదు. ఆమె ఏప్రాన్ బిగించి కట్టుకుని, ఆగిపోయిన ఆర్డర్లు అందుకుంది.