మూడోసారి

కోర్టులో నా అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడదు. అందరూ ‘మూడోసారి’ అంటారు. వేలంపాటలో ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని ఊపిరి తిప్పుకోకుండా అనేసి పాట ఖరారు చేసే అమీనాని నేనొక్కణ్ణే. కోర్టు తరఫున జప్తులూ వేలాలూ జరిపించడమే నా ఉద్యోగం. పన్నెండేళ్ళలో ఒక్క వేలమూ వాయిదా వెయ్యలేదు. ఆ మాట నలుగురిలో చెప్పుకుని పొంగిపోయేవాణ్ణి కూడా.

కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపతన్ని అందరూ తమ్ముడూ అని పిలిచేవాళ్ళు. జప్తు వారంటు చేతికి రాగానే ముందు అతని దగ్గరికెళ్ళి రెండు కాపీలు తీయించడం నా అలవాటు. పేరూ, ఇంటి నంబరూ చూసేది ఆ తర్వాతే. ఆ రోజూ అలాగే కాగితం అందించి, పేపరు తిరగేస్తూ నిలబడ్డాను.

మిషను మీద వారంటు పెట్టి మూత వెయ్యబోతూ అతను ఆగాడు. పైనుంచి కిందకి చదివాడు. తర్వాత మూత వేశాడు.

“ఎన్ని కాపీలండీ?” అన్నాడు, రోజూ అడిగినట్టే.

“రెండు.”

తీసి, అంచులు సరిచేసి, పిన్ను కొట్టి ఇచ్చాడు. “ఇందులో ఉన్నది నా పేరే అన్నా,” అన్నాడు నెమ్మదిగా. “జిరాక్స్ కాగితాలు అరువిచ్చిన పేపరు కంపెనీ ఆయన బాకీ. డిక్రీ అయిందని తెలుసు. ఇంత తొందరగా వస్తారనుకోలేదు.”

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అతని పేరేమిటో పన్నెండేళ్ళలో ఒక్కసారైనా అడగలేదు. అతని మిషను జప్తు చేసే కాగితాన్ని అతని చేతనే, అదే మిషను మీద కాపీ తీయించాను. పైగా ఆ రెండు కాపీలకీ అతను డబ్బులు తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్న డిక్రీదారైన పేపరు వ్యాపారి వెంట రాగా షాపుకెళ్ళాను. వారంటు చదివి వినిపించాను. ఖర్చులతో కలిపి అరవై ఎనిమిది వేలు. ఇప్పుడు కడతావా అని అడిగాను, లేవన్నాడు. పంచనామా రాసి ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించాను. మిషను మీద కోర్టు చీటీ అంటించి, పక్కనున్న స్టాంపుల వెండరు గదిలోకి మోయించి, ఆ వెండరు దగ్గర పూచీ రాయించుకుని అప్పగించాను. అంతసేపూ తమ్ముడి భార్య షాపు గుమ్మంలో నిలబడి చూసింది. ఒక్క మాట తూలలేదు. తిట్టినా బాగుండేది. తిట్టేవాళ్ళతో నాకు అలవాటే.

అప్పట్నుంచి తమ్ముడంటే నాకు చిరాకు పట్టుకుంది. నిజం చెప్పాలంటే అతను నాకేమీ చెయ్యలేదు. సిగ్గుపడాల్సింది నేనైతే, అతను ఎదురుపడ్డప్పుడల్లా నాకు కోపం వచ్చేది. వేలం ప్రకటన కోర్టు బోర్డు మీదా, ఖాళీ అయిన షాపు తలుపు మీదా అంటించేటప్పుడు, ఈ పీడ త్వరగా వదిలితే చాలనుకున్నాను.

ప్రకటనలో చెప్పిన రోజున పదకొండు గంటలకి, షాపు ముందే పాట మొదలుపెట్టాను. వచ్చినవాళ్ళు నలుగురు. వాళ్ళలో గట్టిగా పాడేది కోర్టు వెనక వీధిలో కొత్తగా జిరాక్స్ షాపు పెట్టినాయన ఒక్కడే. ఇరవై వేలతో మొదలైన పాట ముప్పై ఎనిమిది దగ్గర నత్తనడక పట్టింది.

తమ్ముడు నా పక్కకి వచ్చాడు. “అన్నా, పావుగంట ఆగండి. మా ఆవిడ వాళ్ళన్నయ్య దగ్గరికెళ్ళింది. మొత్తం డబ్బూ దొరికిందని ఇప్పుడే ఫోన్ చేసింది. ఆటో ఎక్కింది.”

పాట ఖరారయ్యేలోపు డిక్రీ సొమ్మూ ఖర్చులూ తెచ్చి కడితే వేలం ఆపాలి. కారణం రాసి వాయిదా వేసే వీలు కూడా నాకుంది. కాస్త ఆగితే నా సొమ్మేం పోదు.

“ఇలాంటి పావుగంటలు చాలా చూశాను తమ్ముడూ,” అన్నాను. పేపరు వ్యాపారి నవ్వాడు. నేనూ నవ్వాను.

వెనక వీధి ఆయన నలభై అన్నాడు. మిగిలినవాళ్ళు తలలు అడ్డంగా ఊపారు.

“నలభై వేలు, ఒకటోసారి. రెండోసారి.”

అప్పుడు చూశాను. వీధి మలుపులో ఆటో దిగి ఆవిడ పరుగెత్తుకొస్తోంది. ఒక చేత్తో సంచిని గుండెకి హత్తుకుంది, రెండో చెయ్యి పైకెత్తి ఊపుతోంది. తమ్ముడు నా వైపే చూస్తున్నాడు కాబట్టి అతనికి కనబడలేదు. నాకు మాత్రం స్పష్టంగా కనబడింది. ఇద్దరూ కలిసి నా ముందు నిలబడి డబ్బు లెక్కపెట్టడం, పాట ఆగడం, మళ్ళీ రేపట్నుంచి ఆ షాపు ముందు నుంచి తలవంచుకుని నడవడం, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు మెదిలాయి.

“మూడోసారి,” అన్నాను.

ఆవిడ వచ్చేసరికి పాట ఖరారైంది. రొప్పుతూ సంచి తెరవబోయింది. “అయిపోయిందమ్మా,” అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. తమ్ముడే చెప్పాడు. సంచి అలాగే పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది.

కొన్నాయన అక్కడికక్కడే నలభై వేలూ కట్టి రసీదు తీసుకున్నాడు. మిషను తిరిగి ఇవ్వమని ఆవిడ బతిమాలితే అరవైకి ఒక్క రూపాయి తగ్గినా కుదరదన్నాడు. డిక్రీలో మిగిలిన ఇరవై ఎనిమిది వేలూ ఆవిడ అదే రోజు కోర్టులో కట్టేసింది. సంచిలో మిగిలింది నలభై. మిషను ట్రాలీ ఎక్కి వెళ్ళిపోయింది.

రిపోర్టులో ఇలా రాశాను: “పాట ఖరారు అగువరకు ప్రతివాది తరఫున ఎవరూ సొమ్ము చెల్లించుటకు హాజరు కాలేదు.” ఇందులో తప్పు పట్టడానికి జడ్జిగారికి కూడా ఏమీ లేదు. చెయ్యెత్తి పరుగెత్తడం హాజరు కిందికి రాదు.

మూడు రోజుల తర్వాత ఆ రిపోర్టుకి కాపీ కావలసివచ్చింది. ఎదురు షాపు మూసే ఉంది. వెనక వీధికెళ్ళాను. కౌంటరు దగ్గర తలెత్తకుండా కాగితం చాపాను.

“ఎన్ని కాపీలండీ?”

ఆ గొంతు విని తలెత్తాను. తమ్ముడే. జీతానికి చేరాడట. ముందున్నది అతని మిషనే. నేనంటించిన కోర్టు చీటీని సగం గీకారు, మిగిలిన సగం పక్కన అంటుకునే ఉంది.

“ఒకటి,” అన్నాను.

రిపోర్టు మిషను మీద పెట్టి, మూత వెయ్యబోతూ ఆగాడు. పైనుంచి కిందకి చదివాడు. తర్వాత మూత వేసి, కాపీ తీసి, అంచులు సరిచేసి పిన్ను కొట్టాడు.

“మా ఆవిడ మిమ్మల్ని ఒక్క మాట అనదన్నా,” అన్నాడు. “నేనే ఆ రోజు కాస్త నోరు జారాను మీ గురించి ఇంట్లో. ఆవిడే సర్దిచెప్పింది. ఆయన నన్ను చూడలేదు, చూసుంటే ఆగేవారే అంది.”

కాగితం నాకిచ్చి నా మొహంలోకి చూశాడు. అడగలేదు. జవాబు కోసం నిలబడ్డాడంతే.

నేను తలూపాను. ‘అవును, చూడలేదు’ అన్నట్టు.

“అదే అనుకున్నానన్నా,” అన్నాడు. నేనిచ్చిన డబ్బులు తీసుకుని, చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు.